బ్యాంకు పలకకపోతే ముప్ఫై ఒకటో రోజున

2024 మార్చి 5, మంగళవారం. తెనాలిలో మా పిన్ని ఇంటి దగ్గరున్న ఏటీఎంలో పది వేలు తీయబోయింది. మెషిన్ లోపల నోట్లు లెక్కపెట్టిన చప్పుడు వినిపించింది గానీ డబ్బు బయటికి రాలేదు. స్లిప్పు కూడా రాలేదు. ఫోనుకు మాత్రం ఖాతాలోంచి 10,000 రూపాయలు తగ్గినట్టు మెసేజ్ వచ్చింది. మర్నాడు తన బ్రాంచికి వెళ్లి చెప్పింది. "ఆ ఏటీఎం మాది కాదమ్మా, ఆ బ్యాంకు వాళ్లని అడగండి" అన్నారు. అక్కడికి వెళితే "మీ కార్డు మాది కాదు కదా, మీ బ్రాంచిలోనే చెప్పాలి" అన్నారు. మళ్లీ సొంత బ్రాంచికి వచ్చింది. "వారంలో దానంతటదే పడిపోతుందిలెండి" అని కౌంటరులో ఉన్నాయన చెప్పాడు. పిన్ని నమ్మి ఇంటికొచ్చింది.

వారం దాటినా డబ్బు పడలేదు. నాకు ఫోన్ చేసింది. నేను ఆవేశపడి మార్చి 14న రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టేశాను. మూడు రోజుల్లో దాన్ని మూసేశారు. కారణం ఒక్క వాక్యమే: ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, 30 రోజులు గడువిచ్చినట్టు ఆధారం లేదు. అన్యాయం జరిగిన మాట నిజమే అయినా మా ఫిర్యాదు గుమ్మం దాటలేదు.

బ్యాంకు జవాబివ్వనప్పుడు పైకి వెళ్లడం గురించి మాట్లాడితే చాలామంది నష్టం ఎంత, తప్పు ఎవరిది అనే చోటే ఆగిపోతారు. ఈ వ్యవస్థ మొదట అడిగేది అది కాదు. మీరు బ్యాంకుకు రాసిన కాగితం ఏది, అది వాళ్లకు ఏ తేదీన అందింది అని అడుగుతుంది. ఆ తేదీ చూపించగలిగితే తలుపు తెరుచుకుంటుంది, లేకపోతే ఎంత నిజమైన బాధైనా బయటే నిలబడాలి. అందుకే ఈ సమీక్షలో ఆ తేదీ చుట్టూ ఏమేం అల్లుకుని ఉందో మొదటి నుంచి చూద్దాం.

మూడు పథకాలు ఒకటైన కథ

బ్యాంకు ఖాతాదారు కోర్టుకు వెళ్లకుండా ఖర్చు లేకుండా న్యాయం అడిగే చోటు ఒకటి ఉండాలని రిజర్వు బ్యాంకు 1995లో బ్యాంకింగ్ అంబుడ్స్‌మన్ పథకం తెచ్చింది. 2006లో దాన్ని తిరగరాసింది. తర్వాత బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీల కోసం 2018లో ఇంకొకటి, డిజిటల్ చెల్లింపుల కోసం 2019లో మరొకటి వచ్చాయి. దాంతో జనానికి కొత్త చిక్కు మొదలైంది. వ్యాలెట్ కంపెనీ మీద ఎక్కడికెళ్లాలి, బంగారం తాకట్టు పెట్టుకున్న ఫైనాన్స్ కంపెనీ మీద ఎక్కడికెళ్లాలి, తన ఊరు ఏ అంబుడ్స్‌మన్ పరిధిలోకి వస్తుంది అన్నవి తేల్చుకోవడమే పెద్ద పనైంది.

2021 నవంబర్ 12న ఈ మూడింటినీ కలిపి సమీకృత అంబుడ్స్‌మన్ పథకాన్ని ప్రారంభించారు. అప్పటి నుంచి పరిధి గొడవ పోయింది. ఫిర్యాదు ఆన్‌లైన్‌లో పెట్టినా, ఉత్తరంగా పంపినా ఒకే వ్యవస్థలోకి చేరుతుంది. ఉత్తరాలు, ఈమెయిళ్లు చండీగఢ్‌లోని రిజర్వు బ్యాంకు కేంద్రానికి వెళ్తాయి. అక్కడ తొలి పరిశీలన చేసి, నిలబడే ఫిర్యాదుల్ని దేశంలోని ఏదో ఒక అంబుడ్స్‌మన్ కార్యాలయానికి పంపుతారు. అందుకే తెనాలి ఫిర్యాదు మీద వేరే రాష్ట్రంలోని కార్యాలయం నుంచి ఈమెయిల్ వస్తే కంగారు పడనక్కరలేదు.

తెలుగువాళ్లు గమనించాల్సిన సంగతి ఇంకొకటుంది. చండీగఢ్ కేంద్రం ఏ భాషలో రాసిన ఉత్తరాన్నైనా తీసుకుంటుంది. 14448 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులో సమాచారం చెబుతారు. ఇంగ్లీషులో రాయడం రాదని ఆగిపోవాల్సిన పని లేదు.

బ్యాంకు లోపలి మెట్లు

ఏ బ్యాంకు వెబ్‌సైటు చూసినా ఫిర్యాదుకు మెట్లు కనిపిస్తాయి. మొదట బ్రాంచి మేనేజరు లేదా కాల్ సెంటరు, తర్వాత ప్రాంతీయ కార్యాలయంలోని నోడల్ ఆఫీసరు, ఆపైన ప్రిన్సిపల్ నోడల్ ఆఫీసరు. ప్రిన్సిపల్ నోడల్ ఆఫీసరు జనరల్ మేనేజరు స్థాయికి తగ్గని అధికారి అయి ఉండాలని పథకం చెబుతుంది. అంబుడ్స్‌మన్ ముందు బ్యాంకు తరఫున జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే. ఆయన పేరు, ఫోన్ నంబరు, ఈమెయిల్ ప్రతి బ్రాంచిలోనూ ఖాతాదారులకు కనబడేలా పెట్టాలి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఈ మెట్లన్నీ ఒక్కొక్కటిగా ఎక్కాలనీ, ప్రతి మెట్టు దగ్గరా మళ్లీ 30 రోజులు ఆగాలనీ అనుకుంటారు. బ్రాంచిలో నెల, నోడల్ ఆఫీసరు దగ్గర ఇంకో నెల, పైన మరో నెల. అలా మూడు నెలలు గడిచేసరికి ఓపిక అడుగంటుతుంది. నిజానికి 30 రోజులు లెక్కించేది మీ మొదటి రాతపూర్వక ఫిర్యాదు బ్యాంకుకు అందిన రోజు నుంచి. బ్రాంచికి ఇచ్చినా బ్యాంకుకు ఇచ్చినట్టే. మధ్యలో నోడల్ ఆఫీసరుకు రాస్తే మంచిదే, ఒక్కోసారి పని అక్కడే అయిపోతుంది. దానివల్ల లెక్క మాత్రం మళ్లీ మొదలవదు.

బ్యాంకు లోపల ఖాతాదారుకు కనబడని ఇంకో మనిషి ఉంటాడు. దేశంలో పదీ అంతకు మించి శాఖలున్న వాణిజ్య బ్యాంకులు ఇంటర్నల్ అంబుడ్స్‌మన్‌ను పెట్టుకోవాలి. గ్రామీణ బ్యాంకులకు ఈ నిబంధన లేదు. ఇంటర్నల్ అంబుడ్స్‌మన్‌గా ఉండేది వేరే సంస్థలో పెద్ద హోదాలో పనిచేసిన వ్యక్తి. బ్యాంకు ఒక ఫిర్యాదును పూర్తిగా గానీ కొంతమేరకు గానీ తోసిపుచ్చదలిస్తే ముందు ఆయనకు చూపించాలి. ఖాతాదారు నేరుగా ఆయన దగ్గరికి వెళ్లడానికి లేదు. అయినా ఆయన ఉన్నాడని తెలిస్తే ఒక లాభం ఉంది. "మీ ఫిర్యాదు చెల్లదు" అని బ్యాంకు రాస్తే, దాన్ని ఇంటర్నల్ అంబుడ్స్‌మన్ పరిశీలించారా లేదా అన్నది ఆ ఉత్తరంలో ఉండాలి. లేకపోతే ఆ సంగతి మీ తర్వాతి ఫిర్యాదులో రాయవచ్చు.

ఏది ఫిర్యాదు, ఏది జవాబు

పిన్ని మార్చి 6న కౌంటరులో చెప్పిన మాట ఎందుకు లెక్కలోకి రాలేదు? నోటితో చెప్పడం తప్పని కాదు, చెప్పినట్టు రుజువు లేదు, అంతే. 2021 పథకం రాతపూర్వక ఫిర్యాదు అన్న మాటకు విశాలమైన అర్థమే ఇచ్చింది. కాగితం మీద రాసినా, ఈమెయిల్ పంపినా, బ్యాంకు యాప్‌లో పెట్టినా ఫిర్యాదే. ఇంకే రకంగా చేసినా, చేసినట్టు ఆధారం చూపిస్తే చాలు. కాల్ సెంటరుకు ఫోన్ చేశాక ఫిర్యాదు నంబరుతో వచ్చే మెసేజ్ కూడా అలాంటి ఆధారమే. ఆ మెసేజ్‌ను చెరిపేసుకున్నవాళ్లు తమ తేదీని చేతులారా పోగొట్టుకున్నట్టే.

మా మొదటి ఫిర్యాదు మూతపడ్డాక మార్చి 18, సోమవారం నాడు పిన్నితో కలిసి బ్రాంచికి వెళ్లాను. ఉత్తరం రెండు ప్రతులు తీసుకెళ్లాం. అందులో ఉన్నది ఇంతే:

"నా ఖాతా నుంచి 5-3-2024 సాయంత్రం 6.40కి ఏటీఎం ద్వారా 10,000 రూపాయలు తగ్గాయి. నగదు రాలేదు. మెసేజ్ ఫొటో, పాసుబుక్కు పేజీ జతచేశాను. అసలు 10,000 రూపాయలూ, రిజర్వు బ్యాంకు 20-9-2019 నాటి సర్క్యులర్ ప్రకారం రోజుకు 100 రూపాయల పరిహారమూ నా ఖాతాలో వేయగలరు. నగదు బయటికి వచ్చిందని మీరు అంటే, ఆ ఏటీఎం ఎలక్ట్రానిక్ జర్నల్ నకలూ, ఆ రోజు నగదు లెక్క వివరమూ ఇవ్వగలరు."

కౌంటరులో ఒక ప్రతి తీసుకుని ఊరుకోబోయారు. రెండో ప్రతి మీద ముద్ర వేసి, తేదీ వేసి, సంతకం చేసి ఇవ్వమని అడిగాం. "అలా ఇవ్వడం మాకు అలవాటు లేదండీ" అన్నారు. పిన్ని కుర్చీలోంచి లేవలేదు. "అలవాటు లేకపోతే ఇవాళ చేసుకోండి బాబూ, నేను కూర్చుంటాను" అంది. పావుగంట తర్వాత ముద్ర పడింది. తర్వాత జరిగినదంతా ఆ నీలిరంగు ముద్ర మీదే నిలబడింది. ఎవరైనా ముద్ర వేయడానికి ససేమిరా అంటే అదే ఉత్తరాన్ని అందినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపాలి, లేదా బ్యాంకు అధికారిక ఈమెయిల్‌కు పంపి పంపిన మెయిల్‌ను దాచుకోవాలి.

జవాబు విషయంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. మార్చి 21న ఒక నంబరుతో "మీ ఫిర్యాదు నమోదైంది" అని మెసేజ్ వచ్చింది. ఏప్రిల్ 2న నోడల్ ఆఫీసరుకు మెయిల్ పెడితే "మీ సందేశం అందింది, పరిశీలిస్తున్నాం" అని యంత్రం పంపిన జవాబు వచ్చింది. ఇవి జవాబులు కావు. మీరు అడిగినదానికి అవునో కాదో చెప్పేదే జవాబు. పరిశీలిస్తున్నామని ఎన్నిసార్లు చెప్పినా 30 రోజుల గడియారం ఆగదు.

30 రోజుల లెక్క, ఏడాది లెక్క

బ్యాంకుకు ఉత్తరం అందింది మార్చి 18న. 30 రోజులు ఏప్రిల్ 17తో నిండాయి. ఆ రోజు శ్రీరామనవమి. బ్యాంకుకు సెలవు కదా, మర్నాడు జవాబిచ్చేవాళ్లం అని ఎవరూ అనకుండా ఇంకో రోజు ఆగి, ఏప్రిల్ 19న మళ్లీ ఫిర్యాదు పెట్టాను. ఒకటి రెండు రోజులు ఎక్కువ ఆగితే పోయేదేమీ లేదు. ఒక్క రోజు ముందు పెడితే మాత్రం మూసేస్తారు. అలా తొందరపడి పెట్టింది మూతపడినా నష్టం శాశ్వతం కాదు. గడువు నిండాక అదే విషయం మీద మళ్లీ పెట్టుకోవచ్చు. మేం చేసింది అదే.

ఇది తొందరపడేవాళ్ల సంగతి. ఆలస్యం చేసేవాళ్లకు రెండో గడువు ఒకటుంది. 2021 పథకం ప్రకారం బ్యాంకు జవాబిచ్చి అది మీకు నచ్చకపోతే, జవాబు అందిన రోజు నుంచి ఏడాదిలోగా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లాలి. జవాబే రాకపోతే ఫిర్యాదు చేసిన తేదీ నుంచి ఏడాది మీద 30 రోజులు. పిన్ని విషయంలో అది 2025 ఏప్రిల్ 17 అవుతుంది. ఆ తర్వాత ఎంత బలమైన ఆధారం తెచ్చినా ఫిర్యాదును తీసుకోరు. ఆఖరి తేదీ దగ్గరపడ్డాక కొత్త ఉత్తరం రాసి గడువు పొడిగించుకోవచ్చని కొందరు అనుకుంటారు. అదే విషయానికి మొదటి ఉత్తరమే లెక్క అని ఎంచుకుని నడుచుకుంటే ఇబ్బంది ఉండదు.

పథకాన్ని రిజర్వు బ్యాంకు ఎప్పటికప్పుడు సవరిస్తూ ఉంటుంది. ఇక్కడ చెప్పిన గడువులూ పరిమితులూ 2021 పథకానివి. మీరు ఫిర్యాదు పెట్టే రోజున అమల్లో ఉన్న పాఠంలో ఆఖరి తేదీ ఎంతో cms.rbi.org.in లో చూసుకున్నాకే పెట్టాలి.

ఫారం నింపడం

cms.rbi.org.in తెరిచి ఫిర్యాదు పెట్టే చోటికి వెళితే మొదట పేరు, ఫోన్ నంబరు అడుగుతుంది. ఫోనుకు ఓటీపీ వస్తుంది. తర్వాత ఏ సంస్థ మీద ఫిర్యాదో ఎంచుకోవాలి. ఏటీఎం ఎవరిదైనా ఇక్కడ రాయాల్సింది కార్డిచ్చిన బ్యాంకు పేరే. పిన్నిని రెండు చోట్లా తిప్పినవాళ్లకు తెలియకపోయినా నియమం అదే: ఖాతాదారుకు జవాబుదారీ ఆమె ఖాతా ఉన్న బ్యాంకు. ఏటీఎం బ్యాంకుతో ఆ లెక్క తేల్చుకోవడం వాళ్ల పని.

ఆ తర్వాత వచ్చే ప్రశ్నల దగ్గర జాగ్రత్తగా ఉండాలి. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేశారా, ఏ తేదీన, జవాబు వచ్చిందా, ఇదే విషయం కోర్టులో గానీ మరెక్కడైనా గానీ నడుస్తోందా అని అడుగుతుంది. ఇక్కడ పొరబాటున ఒక్క జవాబు తప్పిచ్చినా ఫిర్యాదు మొదట్లోనే ఆగిపోవచ్చు. ముద్ర పడిన ఉత్తరం ప్రతిని ఇక్కడే జతచేయాలి. మాకు మొదటిసారి లేనిదీ, రెండోసారి ఉన్నదీ ఆ ఒక్క కాగితమే.

విషయం రాసే చోట చాలామంది తమ కష్టమంతా చెప్పుకుంటారు. అవతల చదివే అధికారికి కావలసింది తేదీల వరుస. మేం అయిదు పంక్తులే రాశాం: డబ్బు తగ్గిన తేదీ, ఉత్తరం అందిన తేదీ, నమోదైనట్టు మెసేజ్ వచ్చిన తేదీ, నోడల్ ఆఫీసరుకు రాసిన తేదీ, ఇప్పటిదాకా జవాబు లేదన్న మాట. చివర ఏం కావాలో అంకెలతో రాశాం.

ఆ అంకె ఎలా వచ్చిందంటే, 2019 సెప్టెంబర్ 20 నాటి సర్క్యులర్ ప్రకారం ఏటీఎంలో డబ్బు రాకుండా ఖాతాలో తగ్గితే, ఆ రోజు కాక మరో 5 రోజుల్లోగా బ్యాంకు తిరిగి వేయాలి. అది దాటిన ప్రతి రోజుకూ 100 రూపాయలు ఖాతాదారుకు ఇవ్వాలి. అడగకపోయినా ఇవ్వాలి. మార్చి 5కు అయిదు రోజులు కలిపితే మార్చి 10. అక్కడి నుంచి మేం ఫిర్యాదు పెట్టిన ఏప్రిల్ 19కి 40 రోజులు. అంటే ఆ రోజుకు 4,000 రూపాయలు, ఆపైన డబ్బు వేసేదాకా రోజుకు వంద. అడిగే మొత్తం ఇలా ఒక నియమం మీద నిలబడితే వాదించడానికి బ్యాంకుకు చోటు మిగలదు. "మనోవేదనకు లక్ష ఇప్పించండి" అని మాత్రమే రాస్తే ఆ అంకె వెనక ఏమీ ఉండదు.

పిన్ని తరఫున నేను నింపాను కాబట్టి ప్రతినిధిగా నా పేరు రాసి, ఆమె అనుమతి జతచేశాను. కుటుంబంలోవాళ్లు గానీ స్నేహితులు గానీ ఇలా ప్రతినిధిగా ఉండవచ్చు. లాయరు మాత్రం ఉండకూడదు, నష్టపోయింది ఆయనే అయితే తప్ప. ఫీజు ఒక్క రూపాయి కూడా లేదు. ఫిర్యాదు పెట్టిస్తాను, అంబుడ్స్‌మన్ ఆఫీసులో తెలిసినవాళ్లున్నారు అని ఎవరైనా డబ్బు అడిగితే అది మోసమే.

లోపల జరిగేది

ఫిర్యాదు నిలబడుతుందని తేలాక అంబుడ్స్‌మన్ కార్యాలయం దాన్ని బ్యాంకుకు పంపుతుంది. బ్యాంకు 15 రోజుల్లో రాతపూర్వకంగా తన జవాబూ, పత్రాలూ ఇవ్వాలి. ఇవ్వకపోతే ఉన్న ఆధారాలతోనే అంబుడ్స్‌మన్ నిర్ణయం చేయవచ్చు. అలా పత్రాలివ్వక వచ్చిన తీర్పు మీద బ్యాంకుకు అప్పీలు హక్కు కూడా ఉండదు. మీరు రాసిన ఉత్తరానికి నెల రోజులు పలకని బ్యాంకు ఇప్పుడు హడావిడిగా పలకడానికి ఇదే కారణం.

ఇక్కడ కోర్టులో లాగా సాక్షులూ వాదనలూ ఉండవు. ఇరువైపుల కాగితాలు చూసి ముందు రాజీకి ప్రయత్నిస్తారు. ఎక్కువ ఫిర్యాదులు ఆ దశలోనే తేలిపోతాయి, తీర్పు దాకా వెళ్లేవి తక్కువ. మా విషయంలో బ్యాంకు ఏటీఎం నగదు లెక్క తెప్పించుకుంది. ఆ రోజు మెషిన్‌లో పది వేలు ఎక్కువ ఉన్నట్టు తేలింది. మే 15న పిన్ని ఖాతాలో 10,000 రూపాయలు పడ్డాయి. "సమస్య పరిష్కారమైంది" అని బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాసింది. ఆ మాట మీద మా అభిప్రాయం అడుగుతూ మాకు మెయిల్ వచ్చింది.

చాలామంది ఇక్కడ ఊపిరి పీల్చుకుని సరే అంటారు. అలా ఒప్పుకుంటే ఫిర్యాదు అక్కడితో ముగుస్తుంది, పరిహారం ఆగిపోతుంది. నేను పిన్నిని అడిగాను. "అసలు వచ్చింది కదా, వదిలేద్దామా?" ఆమె పాసుబుక్కు చూస్తూ అంది: "నా పొరబాటుతో వాళ్లకి కట్టాల్సింది రెండు రోజులు ఆలస్యమైతే వాళ్లు వదిలేస్తారట్రా?" అందుకని అసలు అందింది గానీ మార్చి 10 నుంచి మే 15 వరకు 66 రోజులకు 6,600 రూపాయలు రావాల్సి ఉందని సర్క్యులర్ తేదీతో సహా రాశాం. మే 24న ఆ మొత్తం పడింది. అప్పుడే ఒప్పుకుంటున్నట్టు రాశాం.

రాజీ కుదరకపోతే అంబుడ్స్‌మన్ తీర్పు ఇస్తారు. దాన్ని ఒప్పుకుంటున్నట్టు మీరు 30 రోజుల్లో బ్యాంకుకు రాసివ్వాలి. రాయకపోతే మీకు అనుకూలంగా వచ్చిన తీర్పు కూడా చెల్లకుండా పోతుంది. నెగ్గామన్న సంతోషంలో ఈ ఒక్క కాగితం మరిచిపోకూడదు. తీర్పు నచ్చకపోతే రిజర్వు బ్యాంకులోనే అప్పీలు అధికారి ఉంటారు. అక్కడికి వెళ్లడానికీ గడువు 30 రోజులే. అయితే "బ్యాంకుకు ముందు రాయలేదు" వంటి కారణంతో మొదట్లోనే మూసేసినదాని మీద అప్పీలు ఉండదు, లోపం సరిచేసుకుని మళ్లీ పెట్టుకోవాలి.

ఈ తలుపు ఎక్కడిదాకా

అంబుడ్స్‌మన్ చూసేది సేవలో లోపాన్ని. బ్యాంకు వ్యాపార నిర్ణయాన్ని కాదు. లోన్ ఇవ్వలేదనో, వడ్డీ ఎక్కువ వేశారనో వెళితే తిప్పి పంపుతారు. ఒప్పుకున్న వడ్డీ కంటే ఎక్కువ పట్టుకున్నారని కాగితంతో చూపిస్తే అది లోపమే, దాన్ని వింటారు. ఒకే ఘటనను ఏ వైపు నుంచి చెబుతామన్న దాని మీద అది లోపలికి వస్తుందో బయటే ఉంటుందో తేలే సందర్భాలు ఇవే.

వివాదంలో ఉన్న డబ్బు ఎంతైనా ఫిర్యాదు పెట్టుకోవచ్చు. దానివల్ల కలిగిన నష్టానికి ఇప్పించే పరిహారానికి మాత్రం 2021 పథకం 20 లక్షల రూపాయల పరిమితి పెట్టింది. సమయం, ఖర్చు, మానసిక వేదనకు విడిగా లక్ష వరకు ఇప్పించవచ్చు.

అసలైన పరిమితి డబ్బుది కాదు, రుజువుది. ఏటీఎం వివాదం త్వరగా తేలడానికి కారణం, నిజం బ్యాంకు లెక్కలోనే దాగి ఉండడం. మెషిన్‌లో నగదు ఎక్కువుందా లేదా అన్నది ఒక అంకె. ఆన్‌లైన్ మోసాల్లో అంత తేలిక కాదు. ఖాతాదారు ప్రమేయం లేకుండా డబ్బు పోయి, మూడు పని దినాల్లో బ్యాంకుకు చెబితే బాధ్యత ఆమె మీద ఉండదని 2017 జులై 6 నాటి సర్క్యులర్ చెబుతుంది. తప్పు ఖాతాదారుదని రుజువు చేసే బాధ్యత కూడా బ్యాంకుదే. కానీ ఆమె తానే ఓటీపీ చెప్పేసినట్టు కనబడితే, బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టం ఆమెదే అవుతుంది. ఇలాంటప్పుడు మొదటి గంటలో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయడం, అదే రోజు బ్యాంకుకు చెప్పి నంబరు తీసుకోవడం అంబుడ్స్‌మన్ కంటే ముందు పనిచేస్తాయి. సాక్షుల్ని విచారిస్తే గానీ తేలని గొడవలను అంబుడ్స్‌మన్ తన వల్ల కాదని మూసేయవచ్చు. ఆస్తి వాటాల తగాదాలు, ఫోర్జరీ ఆరోపణలు తరచు అలాంటివే.

అలాంటివాటికి వినియోగదారుల కమిషన్ ఉంది. అక్కడ కాలపరిమితి రెండేళ్లు. లాయరు లేకుండా వాదించుకోవచ్చు, పెట్టుకోనూ వచ్చు. అయితే ఒకే విషయాన్ని రెండు చోట్లా ఒకేసారి నడపకూడదు. కమిషన్‌లో కేసు వేసి ఇక్కడికి వస్తే ఇక్కడ తీసుకోరు. అందుకే చిన్న మొత్తం, రుజువు కాగితం మీద ఉన్న ఫిర్యాదుకు ముందు అంబుడ్స్‌మన్, సాక్ష్యం అవసరమైన పెద్ద వివాదానికి కమిషన్ అన్నది నేను చెప్పే క్రమం. తలుపు తప్పకుండా చూసుకోవాలి కూడా. బీమా క్లెయిము తిరస్కరించిన గొడవ ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ది, షేర్లూ మ్యూచువల్ ఫండ్లూ సెబీ వారి స్కోర్స్‌కు సంబంధించినవి. బ్యాంకు మేడమీద కౌంటరులో కొన్నంత మాత్రాన అవన్నీ రిజర్వు బ్యాంకు పరిధిలోకి రావు.

పిన్ని ఇప్పుడు బ్యాంకుకు ఏ కాగితం ఇచ్చినా రెండు ప్రతులు తీసుకెళ్తుంది. 2024 మార్చి 18 ముద్ర ఉన్న ఆ పాత ఉత్తరం పాసుబుక్కు అట్టలో మడతపెట్టి ఉంది. పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు పక్కింటావిడ పెన్షన్ ఖాతాలో ఏదో చార్జీ పట్టుకున్నారని చెబుతోంది. పిన్ని ఆ ఉత్తరం తీసి ఆవిడ చేతిలో పెట్టి, ముద్ర మీద వేలు ఉంచి చెప్పింది: "ముందు ఇది తెచ్చుకో అమ్మాయ్. తర్వాత నెల రోజులు లెక్కపెట్టు."